ఫెరిటిన్ 7, ప్లేట్‌లెట్లు ఎక్కువ: భయపడుతున్న రోగికి నిజం ఎలా చెప్పాలి?

తొలిచిగురు
అందరికీ నమస్కారం. నేను ఔట్‌పేషెంట్ విభాగంలో పనిచేస్తున్న జూనియర్ వైద్యురాలిని. రేపు 58 ఏళ్ల ఒక పెద్దమనిషికి ఆయన రక్తపరీక్ష ఫలితాలు వివరించవలసి ఉంది. మనిషిని గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు కొంత మార్చాను. మెట్లెక్కితే ఆయాసం వస్తున్నదని ఆయన వచ్చారు. హిమోగ్లోబిన్ 9.8 ఉంది. ఎర్రకణాల పరిమాణం చెప్పే ఎం.సి.వి. 71, శరీరంలోని ఐరన్ నిల్వను చెప్పే ఫెరిటిన్ 7, ప్లేట్‌లెట్లు 4,80,000. తెల్లకణాలు 6,800, వాటిలోని రకాలన్నీ మామూలు పాళ్లలోనే ఉన్నాయి. మోకాళ్ల నొప్పికి అప్పుడప్పుడూ నొప్పి మాత్రలు వేసుకుంటారు.

ఫలితాలు నాకంటే ముందే ఆయన ఫోనుకు చేరాయి. ప్లేట్‌లెట్ల పక్కన పైకి చూపే బాణం చూసి, కుటుంబ సభ్యులు ఇంటర్నెట్‌లో వెతికి, బ్లడ్ క్యాన్సర్ అన్న మాట దగ్గర ఆగిపోయారు. సాయంత్రం ఆయన ఫోన్ చేసి, "ఒక్క మాట చెప్పండి డాక్టరుగారూ, ఇది బ్లడ్ క్యాన్సరేనా?" అని అడిగారు. ఫోనులో కాకుండా ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందామని రేపటికి రమ్మన్నాను.

నా ఇబ్బంది ఇది. ఆయన అడిగిన ప్రశ్నకు "అలా అనిపించడం లేదు" అన్నది నిజాయితీ గల జవాబే. కానీ ఈ వయసు పురుషుడిలో ఐరన్ ఇంతగా ఎందుకు తగ్గిందో తెలుసుకోవడానికి ఎండోస్కోపీ, కోలోనోస్కోపీ చేయించాలి, ఆ పరీక్షల్లో మేము వెతికేవాటిలో పెద్దపేగు క్యాన్సర్ ఒకటి. "క్యాన్సర్ కాదట" అన్న ఒక్క మాట పట్టుకుని ఆయన ఇంటికి వెళ్లిపోతే మళ్లీ రారేమోనని భయం. మొత్తం చెబితే రేపు రాత్రి ఆయనకు నిద్ర పట్టదు, ఆ తరువాత రాత్రులూ అంతే. మీరైతే ఏ వరుసలో చెబుతారు?

సుభాషిణి, నర్సు
మీరు చెప్పడం మొదలుపెట్టకముందే ఆయనను చెప్పనివ్వండి. "ఈ రిపోర్టు చూసినప్పటి నుంచి మీకు అన్నిటికంటే ఎక్కువ భయం కలిగిస్తున్నది ఏది?" అని అడిగి, ఆయన ముగించే వరకు మాట్లాడకుండా ఉండండి. ఆయన భయం ప్లేట్‌లెట్ల మీద ఉండగా మీరు హిమోగ్లోబిన్‌తో ప్రారంభిస్తే ఆ వివరణలో సగం ఆయన చెవికి ఎక్కదు, ఎందుకంటే తన ప్రశ్నకు జవాబు ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తూ కూర్చుంటారు. ముందు ఆ ప్రశ్నకే జవాబు ఇవ్వండి. ఇంటి నుంచి ఒకరిని వెంట తెచ్చుకోమని ఈరోజే చెప్పండి, భయంలో ఉన్న మనిషి విన్నది ఇంటికి చేరేసరికి మారిపోతుంది.

లెక్కలమాస్టారు
నేను వైద్యుడిని కాను, గణాంకాలు బోధిస్తాను. రిపోర్టులో బాణం గుర్తు అంటే జబ్బు అని అర్థం కాదని రోగులకు ఎవరూ చెప్పరు. సాధారణంగా ఆరోగ్యవంతులలో నూటికి 95 మంది ఫలితాలు పడే మధ్య భాగాన్నే మామూలు పరిధిగా ముద్రిస్తారు. అంటే ఒక్కో పరీక్షలోనూ ఏ జబ్బూ లేని ప్రతి 20 మందిలో ఒకరికి పైకో కిందికో బాణం పడుతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేస్తే, పూర్తి ఆరోగ్యవంతుడికి కూడా కనీసం ఒక బాణం పడే అవకాశం నూటికి 64. ఈ లెక్క ఆయనకు చెబితే సగం భయం పోతుంది. ఇంత కంగారు అవసరం లేదని నా అభిప్రాయం.

సూక్ష్మదర్శిని
లెక్కలమాస్టారు గారూ, మీ లెక్క సరైనదే, అది ఒంటరిగా నిలిచిన, పరిధికి కాస్త అవతల పడిన ఫలితానికి చక్కగా వర్తిస్తుంది. ఈ రిపోర్టుకు మాత్రం వర్తించదు. ఇక్కడి బాణాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పడినవి కావు. ఐరన్ నిల్వ అడుగంటింది కాబట్టి హిమోగ్లోబిన్ తయారీ తగ్గింది, అది తగ్గింది కాబట్టి ఎర్రకణాలు చిన్నవయ్యాయి, ఐరన్ లోపం ఉన్నప్పుడు ప్లేట్‌లెట్లు పెరగడం కూడా తరచుగా చూసేదే. నాలుగు గుర్తులూ ఒకే కథ చెబుతున్నప్పుడు, ఆరోగ్యవంతులకు కూడా ఇలా ఉంటుందని చెప్పడం తప్పుడు ధైర్యం ఇచ్చినట్టే అవుతుంది.

నేను ల్యాబు వైపు మనిషిని, ఇలాంటి రక్తపు స్లైడులు ఏళ్ల తరబడి చూస్తున్నాను. తొలిచిగురు గారికి ముందుగా రెండు ప్రశ్నలు. స్లైడు చూశారా? పాత రిపోర్టు ఏదైనా ఉందా?

తొలిచిగురు
స్లైడు చూశారండి. కణాలు చిన్నవిగా, పాలిపోయి ఉన్నాయనీ, అసాధారణ కణాలు లేవనీ రాశారు. సుమారు ఏడాదిన్నర కిందటి రిపోర్టులో హిమోగ్లోబిన్ 13.9, ఎం.సి.వి. 86. ప్లేట్‌లెట్లు అప్పుడు 2,90,000. శరీరంలో వాపు ఉందో లేదో చెప్పే సి.ఆర్.పి. ఇప్పుడు మామూలుగానే ఉంది.

సూక్ష్మదర్శిని
ఆ పాత రిపోర్టు రేపు మీ చేతిలో ఉండవలసిన ముఖ్యమైన కాగితం. ఎం.సి.వి. ఒకప్పుడు 86 ఉన్నది కాబట్టి ఇది పుట్టుకతోనే ఎర్రకణాలు చిన్నవిగా ఉండే తలసీమియా కాదు, మధ్యలో వచ్చిన మార్పు. ప్లేట్‌లెట్లు కూడా అప్పుడు మామూలే. తెల్లకణాల సంఖ్యా, రకాలూ సరిగా ఉన్నాయి, స్లైడులో అనుమానించవలసిన కణాలు లేవు. కాబట్టి బ్లడ్ క్యాన్సర్ గురించి ఆయన అడిగినప్పుడు, "ఈ రిపోర్టులో దానికి సూచన ఏదీ కనిపించలేదు, ప్లేట్‌లెట్లు పెరగడానికి ఐరన్ లోపమే కారణమని అనుకుంటున్నాము, ఐరన్ నిండిన తరువాత అవి దిగాయో లేదో మళ్లీ పరీక్షించి నిర్ధారించుకుంటాము" అని చెప్పవచ్చు. అప్పటికీ 4,50,000 పైనే నిలిచిపోతే అది వేరే విచారణ. ఆ చివరి భాగం వదిలేయకండి, నిర్ధారణ ఎలా జరుగుతుందో తెలిసిన మనిషి మన మాటను ఎక్కువగా నమ్ముతాడు.

ఇక అసలు ప్రశ్న, ఐరన్ ఎక్కడికి పోయింది అన్నది. ఫెరిటిన్‌ను గాదెలో మిగిలిన ధాన్యంతో పోల్చి చెప్పండి. గాదె ఒక్క రోజులో ఖాళీ కాదు, లోపలికి వచ్చేది తగ్గినా, తెలియకుండా బయటికి పోతున్నా నెమ్మదిగా అడుగుకు చేరుతుంది. వయోజన పురుషుడి శరీరం నుంచి రోజుకు సుమారు 1 మిల్లీగ్రాము ఐరన్ మాత్రమే సహజంగా పోతుంది, నెలసరి వంటి క్రమమైన నష్టం ఉండదు. రక్తం ఒక్క మిల్లీలీటరులో సుమారు అర మిల్లీగ్రాము ఐరన్ ఉంటుంది. పేగులో ఏదో ఒక చోట నుంచి రోజుకు 5 మిల్లీలీటర్ల రక్తం, అంటే ఒక చెంచాడు, కారుతూ ఉంటే అదనంగా రెండున్నర మిల్లీగ్రాముల ఐరన్ పోతున్నట్టు. అంత కొద్ది రక్తం మలంలో కంటికి కనబడదు, కానీ నెలల తరబడి కొనసాగితే నిల్వ మొత్తం పోతుంది. "నాకు మలంలో రక్తం ఎప్పుడూ పడలేదు కదా, ఆ పరీక్ష ఎందుకు?" అని ఆయన తప్పక అడుగుతారు. అప్పుడు ఈ చెంచా లెక్క చెప్పండి.

వేచిచూద్దాం
మా ఇంట్లోనూ ఇదే సమస్య కనుక అడుగుతున్నాను. నా భార్యకు 34 ఏళ్లు, ఫెరిటిన్ 11 వచ్చింది, హిమోగ్లోబిన్ 11.2. నెలసరి చాలా ఎక్కువగా ఉంటుంది. ఇదంతా చదివాక మాకు నిద్ర పట్టదు. తనకు కూడా వెంటనే కోలోనోస్కోపీ చేయించాలా? ఐరన్ త్వరగా పెరగడానికి ఏ ఆహారం మంచిదో కూడా చెప్పగలరు.

సూక్ష్మదర్శిని
వేచిచూద్దాం గారూ, ఇక్కడి చర్చ 58 ఏళ్ల పురుషుడి గురించి, మీ భార్య పరిస్థితి వేరు. ఆ వయసులో నెలసరి ఎక్కువగా ఉన్నప్పుడు ఐరన్ పోయే దారి కళ్లెదుటే ఉంది, కాబట్టి ఆ రక్తస్రావానికి కారణం చూడడం, ఐరన్ మాత్రలు ఇవ్వడం, గోధుమలోని గ్లూటెన్ వల్ల పేగు దెబ్బతినే సీలియాక్ వ్యాధికి రక్తపరీక్ష చేయడం సాధారణంగా ముందు జరుగుతాయి. కడుపు లక్షణాలు, బరువు తగ్గడం, కుటుంబంలో పేగు క్యాన్సర్, మాత్రలు వేసినా పెరగకపోవడం వంటివి ఉంటే దారి మారుతుంది. నిల్వ ఇంతగా తగ్గాక ఆహారం ఒక్కటే దాన్ని నింపలేదు. మిగతాది ఆమెను చూసే వైద్యులతోనే మాట్లాడండి, ఇక్కడ రాసినది చూసి నిర్ణయించవద్దు.

పాతరోగి
నేను ఇలాంటి రిపోర్టు అందుకున్నవాడిని, జబ్బు వేరు, పరిస్థితి ఇంచుమించు ఇదే. మొదటిసారి నాకు చెప్పినది "ఏమీ లేదు, కంగారుపడకండి, ఎందుకైనా మంచిదని ఇంకో పరీక్ష చేద్దాం" అన్న మాట. ఇంటికి వెళ్లాక ఆ వాక్యాన్ని తిప్పి తిప్పి చూసుకున్నాను. ఏమీ లేనప్పుడు ఇంకో పరీక్ష ఎందుకు? వాళ్లు నా దగ్గర ఏదో దాచారని నిశ్చయించుకున్నాను. ఆ తరువాత చెప్పిన నిజమైన మంచి వార్తను కూడా నమ్మలేకపోయాను. నా భయాన్ని తగ్గించినది చివరకు వేరే వైద్యురాలు చెప్పిన మూడు విషయాలు: ఇప్పటికి ఏది తెలుసు, ఏది తెలియదు, తెలియనిది ఏ తారీఖుకు తెలుస్తుంది. ఆ తారీఖు కాగితం మీద రాసి ఇచ్చింది. అది చేతిలో ఉంటే రాత్రి గడిచేది.

ధన్వంతరి దారి
నేను జనరల్ ప్రాక్టీసులో చాలాకాలంగా ఉన్నవాడిని. నా అభిప్రాయం కొంచెం వేరు. ఆయన బ్లడ్ క్యాన్సర్ గురించి అడిగారు, దానికి జవాబు చెప్పండి. పేగు క్యాన్సర్ గురించి ఆయన అడగలేదు, మనం ఎందుకు ఆ మాట ఎత్తాలి? "కడుపులో ఎక్కడైనా పుండు ఉందేమో, రక్తం కారుతున్నదేమో చూడాలి" అంటే సరిపోతుంది, అది అబద్ధం కాదు. నొప్పి మాత్రలు వేసుకుంటున్నారు కాబట్టి చాలామటుకు కారణం అదే అయి ఉంటుంది. ఆ మాత్రలు ఆపి, ఐరన్ ఇచ్చి, ఒక నెల తరువాత హిమోగ్లోబిన్ పెరిగిందో లేదో చూడండి. పెరిగితే ఆయనను ఇంతగా భయపెట్టవలసిన పని తప్పుతుంది. భయంతో రక్తపోటు పెరిగి ఇబ్బంది పడ్డవారిని నేను చూశాను.

సూక్ష్మదర్శిని
నొప్పి మాత్రలు కారణం కావచ్చునన్న మాట నిజం, వాటి గురించి రేపు వివరంగా అడగాలి కూడా. కానీ దాన్నే తుది జవాబుగా తీసుకోవడంలో రెండు ఉచ్చులు ఉన్నాయి, గౌరవంతోనే చెబుతున్నాను.

మొదటిది హిమోగ్లోబిన్ పెరగడం. ఐరన్ సరిగ్గా ఇస్తే మూడు నాలుగు వారాల్లో హిమోగ్లోబిన్ సుమారు 2 గ్రాములు పెరుగుతుంది. ఈ పెరుగుదల రక్తం కారే చోటు మానిందని చెప్పదు, కారుతున్న దానికంటే ఎక్కువ ఐరన్ లోపలికి వెళ్తున్నదని మాత్రమే చెబుతుంది. పేగులో కణితి ఉన్న మనిషికి కూడా మాత్రలతో హిమోగ్లోబిన్ పెరుగుతుంది, ఆయాసం తగ్గుతుంది, అందరూ సంతోషిస్తారు, కణితి మాత్రం అక్కడే ఉంటుంది. కాబట్టి "మాత్రలకు పెరిగితే పరీక్ష అక్కరలేదు" అన్నది ఈ విషయంలో అన్నిటికంటే ప్రమాదకరమైన ధైర్యం. ఐరన్ ఇప్పుడే మొదలుపెట్టండి, కానీ దాన్ని పరీక్షకు బదులుగా ఇవ్వకండి.

రెండవది, ముందే కనబడిన కారణంతో తృప్తిపడడం. నొప్పి మాత్రలు కావచ్చు, మొలలు కావచ్చు. మొలలు చాలామందికి ఉంటాయి. అవి ఉన్న మనిషికి పైన ఇంకొకటి ఉండకూడదన్న నియమం లేదు.

ఐరన్ లోపంతో రక్తహీనత వచ్చిన పురుషులలో, నెలసరి ఆగిన స్త్రీలలో పైనుంచీ కిందనుంచీ పరీక్షించినప్పుడు దాదాపు పదిమందిలో ఒకరికి జీర్ణనాళంలో క్యాన్సర్ కనబడుతున్నది. మిగిలినవారిలో పుండ్లు, సీలియాక్ వ్యాధి, రక్తనాళాల్లో చిన్న లోపాలు వంటివి ఉండవచ్చు. చాలామందిలో ఏమీ దొరకదు. ఈ పదిమందిలో ఒకరన్న అంకె నిర్లక్ష్యం చేయదగినంత చిన్నది కాదు, ఇప్పుడే తీర్పు వచ్చినట్టు కుంగిపోవలసినంత పెద్దదీ కాదు.

సుభాషిణి, నర్సు
ధన్వంతరి దారి గారి ఆందోళన నాకు అర్థమవుతుంది, కానీ ఆచరణలో ఇంకో చిక్కు ఉంది. కోలోనోస్కోపీకి ముందు ఇచ్చే సమాచార పత్రంలో క్యాన్సర్ అన్న మాట ఉంటుంది. ఆయన ఫోనులో ఎలాగూ వెతుకుతారు, ఇప్పటికే ఒకసారి వెతికారు. మన నోటి నుంచి వినని మాటను కాగితంలో ఒంటరిగా చదివినప్పుడు కలిగే భయం రెట్టింపు, పైగా మన మీద నమ్మకం కూడా అక్కడే పోతుంది.

ధన్వంతరి దారి
కాగితం సంగతి ఒప్పుకుంటున్నాను. మాత్రలకు పెరిగినా పరీక్ష వదలకూడదన్నదీ ఒప్పుకుంటున్నాను. అయినా మొదటి రోజే, అడగకుండానే అంకెతో సహా చెప్పాలన్న మాట నాకు ఇంకా మింగుడుపడడం లేదు. కొందరు వివరాలు కోరుకోరు. వారి ఇష్టాన్ని కూడా గౌరవించాలి కదా.

పాతరోగి
అంకె కావాలా వద్దా అని ఆయననే అడగవచ్చు కదండీ. నన్ను ఎవరైనా అడిగి ఉంటే కావాలనే చెప్పేవాడిని. మా అన్నయ్య అయితే వద్దనేవాడు.

తొలిచిగురు
మీరంతా చెప్పినది కలిపి రేపటికి ఒక ముసాయిదా రాసుకున్నాను. తప్పులుంటే చెప్పండి.

"మీకు అన్నిటికంటే ఎక్కువ భయం బ్లడ్ క్యాన్సర్ గురించి అని చెప్పారు, కాబట్టి ముందు దాని గురించే మాట్లాడదాం. మీ తెల్లకణాలు సంఖ్యలోనూ రకంలోనూ మామూలుగా ఉన్నాయి. మీ రక్తాన్ని సూక్ష్మదర్శినిలో చూశారు, అనుమానించవలసిన కణాలు కనబడలేదు. ప్లేట్‌లెట్లు కొంచెం పెరిగాయి, ఐరన్ తగ్గినప్పుడు ఇలా జరుగుతుంది. ఐరన్ నిండాక మళ్లీ పరీక్షించి, అవి దిగాయని చూసుకుంటాం. మీ ఆయాసానికి కారణం ఐరన్ లోపం వల్ల వచ్చిన రక్తహీనత, దానికి మందు ఉంది, ఈరోజే మొదలుపెడతాం. మాకు ఇంకా తెలియనిది మీ ఐరన్ ఎందుకు తగ్గిందన్న సంగతి. మీ వయసు పురుషులలో చాలాసార్లు కడుపులోనో పేగులోనో కొద్దికొద్దిగా రక్తం పోవడం వల్ల ఇలా జరుగుతుంది. కారణం పుండు కావచ్చు, నొప్పి మాత్రలు కావచ్చు, ఒక్కోసారి క్యాన్సర్ కూడా కావచ్చు. అది ఉందని నేను చెప్పడం లేదు, లేదని చెప్పడానికి కూడా ఈ రక్తపరీక్ష సరిపోదు. చూసి తెలుసుకోవాలి. అలాంటివారిలో ఎందరికి ఏమి కనబడుతుందో అంకెల్లో చెప్పమంటే చెబుతాను, వద్దంటే పరీక్ష ఎలా జరుగుతుందో చెబుతాను."

సూక్ష్మదర్శిని
బాగుంది. ఒక్క సవరణ. "ప్లేట్‌లెట్లు దిగాయని చూసుకుంటాం" అన్నచోట "దిగాయో లేదో" అనండి, ఫలితం ముందే తెలిసినట్టు మాట్లాడవద్దు. అంకె కావాలంటే రెండు వైపులా చెప్పండి: "మీలాంటి పదిమందిని పరీక్షిస్తే సుమారు తొమ్మిదిమందిలో క్యాన్సర్ కనబడదు, ఒకరిలో కనబడుతుంది, మీరు ఏ వైపున్నారో పరీక్ష చెబుతుంది." తొమ్మిది ఒక్కటే చెబితే బుజ్జగించినట్టు, ఒకటి ఒక్కటే చెబితే బెదిరించినట్టు ఉంటుంది.

సుభాషిణి, నర్సు
ఇంకొకటి. చెప్పడం అయ్యాక "అర్థమైందా?" అని అడగవద్దు, అందరూ అవుననే అంటారు. "ఇంటికి వెళ్లాక మీ వాళ్లు అడిగితే ఏమని చెబుతారు?" అని అడగండి. "క్యాన్సర్ లేదట" అన్నా, "క్యాన్సర్ అట" అన్నా మనం ఇంకోసారి చెప్పాలి.

లెక్కలమాస్టారు
నా మొదటి మాటను సవరించుకుంటున్నాను, బాణాలు కలిసి పడినప్పుడు ఆ లెక్క పనికిరాదని ఇప్పుడు స్పష్టమైంది. ఒక సందేహం. ఏడాదిన్నర కిందటి 13.9 మామూలు పరిధిలోనే ఉంది. అంతకుముందు ఆయనకు 15.5 ఉండి ఉంటే, 13.9 అప్పటికే పడిపోవడం మొదలైన గుర్తు కాదా? బాణం లేదు కాబట్టి ఎవరూ చూడరు.

సూక్ష్మదర్శిని
కావచ్చు. ఇంకా పాత రిపోర్టులు దొరికితేనే చెప్పగలం, కానీ ప్రశ్న సరైన చోట వేశారు. పరిధి జనం అందరిది, మనిషికి తన సొంత అంకె ఉంటుంది.

తొలిచిగురు
మాట్లాడి వచ్చాను. ఆయన తన కుమార్తెతో వచ్చారు. ప్లేట్‌లెట్ల గురించి చెప్పేసరికే ఊపిరి పీల్చుకున్నారు, పేగు పరీక్ష మాట రాగానే మళ్లీ ముఖం వాడిపోయింది. అంకె కావాలా అంటే వద్దన్నారు. కుమార్తె మాత్రం బయటికి వచ్చాక నన్ను విడిగా అడిగింది. నాన్నగారిని అడగకుండా చెప్పలేనని అన్నాను. ఆమె నొచ్చుకుంది. అది సరైనదో కాదో ఇంకా ఆలోచిస్తున్నాను. ఇంటికి వెళ్లాక ఏమని చెబుతారని అడిగితే, "ఐరన్ తక్కువుంది, ఎందుకో ఇంకా తెలియదు, లోపల చూస్తారు, మంచిదీ కావచ్చు చెడ్డదీ కావచ్చు" అన్నారు ఆయన. పరీక్ష మూడు వారాల తరువాత ఉంది, తారీఖు రాసి ఇచ్చాను.

ధన్వంతరి దారి
ఆయన వద్దన్నప్పుడు కుమార్తెకు చెప్పకపోవడం సరైనదే. ఆమెను లోపలికి పిలిచి, ఆయన ముందే "మీ అమ్మాయి అడుగుతోంది, చెప్పమంటారా?" అని అడిగి ఉండవచ్చునేమో.

సుభాషిణి, నర్సు
ఆమె ముందు అడిగితే ఆయన మొహమాటానికి సరే అంటారేమో. నేనైతే ఆయనతో విడిగా మాట్లాడతాను.

సూక్ష్మదర్శిని
ఆ విషయం మీరు తేల్చుకోండి, నేను ఒక పని సంగతి గుర్తుచేస్తాను. ఐరన్ మాత్రలతో మలం నల్లబడుతుందని ఆయనకు చెప్పారా? చెప్పకపోతే రక్తం అనుకుని హడలిపోతారు. కానీ తారులా జిగటగా, దుర్వాసనతో వస్తే, లేదా తల తిరిగితే మాత్రల వల్లేనని ఊరుకోకుండా వెంటనే రావాలని కూడా చెప్పండి. కోలోనోస్కోపీకి సుమారు వారం ముందు ఐరన్ మాత్రలు ఆపించాలి, లేకపోతే పేగు గోడకు నల్లని పొర అంటుకుని సరిగా కనబడదు.

తొలిచిగురు
నల్లబడుతుందని చెప్పాను. జిగట సంగతీ, ఆపవలసిన తారీఖూ చెప్పలేదు. ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను.